దారిలో పడి ఉన్నవాడు: సండేస్కూల్ నాటిక డైరీ

ఆదివారం సాయంత్రం

ఈసారి పిల్లల కార్యక్రమానికి మంచి సమరయుడి కథను నాటికగా వేయాలని తేలింది. నిడివి ఎనిమిది నిమిషాలు, అంతకు మించితే చిన్న క్లాసు పిల్లలు లేచి తిరగడం మొదలుపెడతారు. మాటలు నేను రాయాలి, ఆడించేది పెద్ద క్లాసు పిల్లల చేత.

రాయడానికి కూర్చునే ముందు లూకా 10వ అధ్యాయం 25 నుంచి 37 వరకు పెన్సిల్ పట్టుకుని చదివాను. ఎవరు ఎక్కడ నోరు తెరిచారో గీత గీస్తూ పోయాను. కథలోకి దిగాక గీతలు ఆగిపోయాయి. దొంగలు మాట్లాడరు. యాజకుడు మాట్లాడడు, లేవీయుడూ అంతే. దెబ్బలు తిన్న మనిషికీ మాట లేదు. సమరయుడు కూడా గాయాలు కట్టేటప్పుడు నోరు విప్పడు. మరునాడు పూటకూళ్లవాడితో అన్న ఒక్క మాటే ఈ కథ మొత్తానికి సంభాషణ: ఇతన్ని చూసుకో, ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చినప్పుడు ఇస్తాను.

నాటిక రాసేవాళ్లకు ఇది టెన్షన్ పెట్టే విషయమే. మూగ కథకు మాటలు కట్టాలి. చాలామంది చేసే పని ఏమిటంటే, యాజకుడి నోట్లో ఒక సాకు పెట్టడం. "అయ్యో, గుడికి ఆలస్యమవుతోంది" అంటాడు, జనం నవ్వుతారు, వెళ్లిపోతాడు. నేను మాత్రం ఆ పాత్రలకు మాటలే రాయకూడదని ఇవాళే నిర్ణయించుకున్నాను. ఎందుకో కింద రాస్తాను, ఎందుకంటే రిహార్సల్లో పిల్లలు తప్పకుండా అడుగుతారు.

సోమవారం రాత్రి

గుడికి ఆలస్యం అన్న సాకు అసలు వాక్యానికే సరిపడదు. ఆ మనిషి యెరూషలేము నుంచి యెరికోకు దిగి వెళ్తున్నాడు. యాజకుడు కూడా అదే త్రోవలో దిగి వెళ్తున్నాడు. అంటే దేవాలయం అతని వెనక ఉంది, ముందు లేదు. అక్కడ సేవ ముగించుకుని వస్తున్నాడనుకోవడానికే ఎక్కువ వీలుంది.

ఇంకో సాకు మైల. లేవీయకాండము 21వ అధ్యాయంలో, దగ్గరి రక్తసంబంధికులు తప్ప మరెవరి శవం వల్లా యాజకుడు అపవిత్రుడు కాకూడదని ఉంది. ఆ మనిషి కొరప్రాణంతో పడి ఉన్నాడు, దూరం నుంచి చూస్తే బతికున్నాడో లేదో తెలియదు. ఈ సాకులో కొంత బలముంది. అయితే దిక్కులేని శవం కనబడితే దాన్ని పాతిపెట్టే బాధ్యత యాజకుడికి కూడా ఉంటుందన్న బోధ యూదుల సంప్రదాయంలోనే ఉంది. పైగా లేవీయుడికి ఆ కట్టడి అంత కఠినంగా లేదు, అయినా అతనూ ఆగలేదు.

అసలు సంగతి ఏమిటంటే, యేసు కారణం చెప్పలేదు. మనం సాకు రాసిన మరుక్షణం చూసే పిల్లాడికి ఒక దారి దొరుకుతుంది: "నాకు గుడి పని లేదు కాబట్టి నేను ఆయనలా కాదు." కారణం చెప్పకపోతే ఆ ఖాళీలో వాడు తన కారణమే పెట్టుకోవాలి. అందుకే వీళ్లిద్దరికీ మీసాలు మెలేసే విలనీ కూడా వద్దనుకున్నాను. మామూలుగా, మర్యాదగా కనబడాలి. యూదుల యాజకులంటే చెడ్డవాళ్లన్న అభిప్రాయం పిల్లల తలలోకి ఎక్కకుండా ఉండాలన్నా అదే మేలు. కథ చెప్పినాయన, విన్నవాళ్లు కూడా యూదులే కదా.

బుధవారం

మాటలు ఎక్కడ నుంచి వస్తాయో దొరికింది. పడి ఉన్నవాడి లోపలి గొంతు.

వేదిక మీద ఒకడు పడుకుని ఉంటాడు, కదలడు. వాడి మనసులో మాటలు పక్కన మైకు దగ్గర నిలబడిన ఇంకో పిల్ల చదువుతుంది. దీంతో రెండు పనులు అవుతాయి. నేల మీద పడుకుని అరిచే పిల్లాడి గొంతు మూడో వరసకు కూడా వినబడదు, ఆ ఇబ్బంది పోతుంది. అంతకంటే ముఖ్యంగా, చూసేవాళ్లందరూ కథను నేల మీద నుంచి చూస్తారు. సహాయం చేసేవాడి వైపు నిలబడి చూడటం సులువు. కావాల్సినవాడి వైపు నుంచి చూస్తే వచ్చిన ప్రతి మనిషి మీదా ఆశ పెట్టుకోవాలి.

ఇవాళ రాసిన ముక్క:

లోపలి గొంతు: అడుగుల చప్పుడు. ఎవరో దిగి వస్తున్నారు. తెల్లని బట్టలు... యాజకుడు! హమ్మయ్య. అయ్యా, ఇటు చూడండి. ఇటు.

(యాజకుడు ఆగుతాడు. చూస్తాడు. మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెడతాడు. దారి అవతలి అంచుకు జరిగి, అదే నడకతో వెళ్లిపోతాడు.)

లోపలి గొంతు: చూశాడు. నన్ను చూశాడు కదా?

(మౌనం.)

లోపలి గొంతు: ఇంకొకరు. లేవీయుడు. దగ్గరకే వస్తున్నాడు. ఆయన ఊపిరి కూడా వినబడుతోంది. చెయ్యి చాపండి చాలు. చెయ్యి...

(లేవీయుడు వంగబోయి నిటారుగా నిలబడతాడు. అవతలి అంచుకు జరుగుతాడు.)

లేవీయుడు దగ్గరకు రావడం నేను కల్పించింది కాదు. యాజకుడు చూసి పక్కగా పోయాడని ఉంటే, లేవీయుడు ఆ చోటికి వచ్చి చూసి పోయాడని ఉంది. అందుకే రెండోవాడు ఒక అడుగు ఎక్కువ వేస్తాడు. ఆశ ఎక్కువవుతుంది, దెబ్బా ఎక్కువవుతుంది. సమరయుడి గురించి కూడా ముందు "చూచి" అనే ఉంది. ముగ్గురూ చూశారు. కాబట్టి ముగ్గురి చూపూ ఒకే నిడివిలో ఉండాలని స్క్రిప్టు అంచున ఎర్ర పెన్నుతో రాసుకున్నాను. మూడు లెక్కలు, తక్కువా కాదు, ఎక్కువా కాదు. నాలుగో లెక్కలో ఏం చేస్తారన్నదే నాటిక.

గురువారం

సమరయుడి సంగతి. దీని మీదే ఎక్కువసేపు కూర్చోవాల్సి వచ్చింది.

మన పిల్లలకు సమరయుడంటేనే మంచివాడు. పేరు ముందు "మంచి" అతికించే నేర్చుకున్నారు. అతను రంగం మీదకు రాగానే అమ్మయ్య అనుకుంటారు. యేసు కథ చెప్పిన రోజున విన్నవాళ్లు అలా అనుకోలేదు. యాజకుడు, లేవీయుడు అయ్యాక మూడోవాడు ఒక మామూలు ఇశ్రాయేలీయుడు వస్తాడని ఎదురుచూసి ఉంటారు. వచ్చింది వాళ్లు మొహం చూడని జాతివాడు. యూదులు సమరయులతో సాంగత్యం చేయరని యోహాను 4:9 చెబుతుంది. లూకాలోనే ముందు అధ్యాయంలో ఒక సమరయ గ్రామం యేసును చేర్చుకోలేదు, యాకోబు, యోహానులు ఆకాశం నుంచి అగ్ని దిగి వాళ్లను కాల్చేయమని అడగమంటావా అన్నారు. కోపం రెండు వైపులా ఉంది. గెరిజీము కొండ మీద ఉన్న సమరయుల ఆలయాన్ని యూదుల పాలకుడైన యోహాను హుర్కానస్ క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలో పడగొట్టించాడు. అంటే ఈ పగ అప్పటికే తరాల నాటిది.

ఈ చరిత్రంతా పిల్లల నాటికలో చెప్పించలేం. చెప్పిస్తే కథకుడు పాఠం చెప్పినట్టుంటుంది. ఒక కదలికతో చూపించాలనుకున్నాను. మొదట్లో ప్రయాణికుడు ఇంకా బాగా ఉన్నప్పుడు దారికి ఒక పక్కన చారల పైబట్ట వేసుకున్న మనిషి గాడిద తాడు సరిచేసుకుంటూ కనబడతాడు. నమస్కరించడానికి చెయ్యెత్తుతాడు. ప్రయాణికుడు మొహం తిప్పుకుని దారి అవతలి అంచుకు జరిగి పోతాడు. ఒక్క మాట లేదు. ఆ తర్వాత యాజకుడు, లేవీయుడు జరిగే అంచు కూడా అదే.

స్క్రిప్టు చూసిన పాస్టరుగారు "ఇది వాక్యంలో లేదు కదమ్మా" అన్నారు. లేదు, నిజమే. అందుకే దానికి మాటలు పెట్టలేదు, కథకుడి నోట చెప్పించలేదు. కథకుడు చెప్పేది అంతా లూకాలో ఉన్నదే, నటుల కదలిక మాత్రం మాది అని ఒక గీత గీసుకున్నాం. దానికి ఆయన ఒప్పుకున్నారు. చారల బట్ట కూడా గుర్తు పట్టడానికే. అప్పటి సమరయులు చారలే కట్టేవారని ఎవరూ అనుకోవద్దని పిల్లలకు చెప్పాలి.

ఇప్పుడు మూడోవాడు వచ్చే చోట ఇలా రాశాను:

లోపలి గొంతు: మూడోవాడు వస్తాడు. మా వాడెవడో ఒకడు తప్పకుండా వస్తాడు. అదిగో... గాడిద అడుగులు. ఎవరు బాబూ... (ఆగి) చారల బట్ట. వాడు. పొద్దున్న వాడే. వీడి చేతిలోనా పడ్డాను? కదలకు. చచ్చినట్టు పడి ఉండు.

పక్క గదిలో ఇది చదివి వినిపిస్తే ఒక చిన్నది "అక్కా, వాడు కొడతాడా?" అని అడిగింది. సమరయుడి గురించి మన పిల్లలెవరూ అడగని ప్రశ్న అది. ఈ పంక్తుల్ని ఇక ముట్టుకోను.

శనివారం, రిహార్సల్

స్థలం ముందు చూసుకున్నాం. మా వేదిక నేల కంటే నాలుగు మెట్లు ఎత్తు. అదే పనికొచ్చింది. యెరూషలేము సముద్రమట్టానికి దాదాపు 750 మీటర్ల ఎత్తున ఉంటే, యెరికో సముద్రమట్టం కంటే సుమారు 250 మీటర్లు దిగువన ఉంది. దాదాపు 27 కిలోమీటర్ల దారిలో వెయ్యి మీటర్లు దిగాలి, అదీ ఎండిన కొండల మధ్య, దొంగలు దాక్కోవడానికి వీలైన మలుపులతో. కాబట్టి వేదిక యెరూషలేము, కింద నేల యెరికో దారి. ప్రయాణికుడు, యాజకుడు, లేవీయుడు ముగ్గురూ మెట్లు దిగి వస్తారు. సమరయుడు ఎటు నుంచి ఎటు వెళ్తున్నాడో వాక్యం చెప్పదు, అతన్ని పక్క తలుపు నుంచి తెచ్చాం. పడిపోయే చోటు మెట్ల కింద, మొదటి వరస పిల్లలకు చెయ్యి చాపితే అందేంత దగ్గర.

దొంగలు పెద్ద తలనొప్పి. మగపిల్లలందరికీ దొంగ వేషమే కావాలి. కొట్టే సీను ఎంతసేపయినా చేస్తారు, చేస్తుంటే జనం నవ్వుతారు, ఆ నవ్వు తర్వాత పడి ఉన్నవాడి మీద జాలి పుట్టదు. అందుకని ముగ్గురు దొంగలకు ఒకే నియమం: ఎవరూ ఎవర్నీ ముట్టుకోకూడదు. చేతులెత్తి బొమ్మల్లా ఆగిపోతారు, తెర వెనక డోలు మీద మూడు దెబ్బలు పడతాయి, మూడో దెబ్బకు ప్రయాణికుడు మోకాళ్ల మీద కూర్చుని పక్కకు ఒరుగుతాడు. తర్వాత పైబట్ట, నడికట్టు, సంచి తీసుకుని నడిచి వెళ్లిపోతారు, పరుగెత్తరు. బట్టలు లాక్కోవడం వాక్యంలో ఉన్నదే, నాటికలో దానికి పని కూడా ఉంది. పైబట్ట పోయాక అతను ఏ జాతివాడో, ఏ ఊరివాడో చూసేవాడికి తెలియదు. లోపల ముందే వేసుకున్న పాత మట్టిరంగు చొక్కా, నిక్కరుతో పడి ఉంటాడు. ఎర్ర రంగు పూయడం మానేశాం, చిన్నపిల్లలు జడుసుకుంటారు.

పడుకున్న పిల్లాడు కదలకుండా ఉండటం అనుకున్నంత తేలిక కాదు. వెల్లకిలా పడుకుంటే లైటు కళ్లలో పడి నవ్వొస్తుంది, బోర్లా పడుకుంటే చూసేవాళ్లకు వీపే కనబడుతుంది. కుడి పక్కకు ఒరిగి, కింది చెయ్యి తలకింద, మొహం జనం వైపు పెడితే కుదిరింది. కళ్లు సగం మూసుకుని నేల మీద ఒక గుర్తును చూస్తూ ఉండమన్నాం. మెట్టు పక్కన సుద్దముక్కతో చుక్క పెట్టాం.

తర్వాత కట్టు. నాటికలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే, మెల్లగా జరగాల్సిందీ ఇదే. పాత దుప్పటి నాలుగు వేళ్ల వెడల్పున చించి, ఒకటిన్నర మీటరు పొడవు పట్టీలు రెండు చేశాం. ముందే చుట్టచుట్టి సమరయుడి సంచిలో పెట్టాలి, లేకపోతే వేదిక మీద చిక్కు విప్పుకుంటూ కూర్చుంటాడు. తల కట్టు మొదటి చుట్టు నుదురు మీద పడాలి. కాస్త కిందికి జారితే కళ్లు మూసుకుపోతాయి, అప్పుడు జనం నవ్వుతారు. మొదటి కొసను బొటనవేలితో చెవి పైన పట్టుకుని రెండో చుట్టు దాని మీదుగా తీసుకెళ్తే జారదు. ముడి ఎప్పుడూ పక్కన, దెబ్బ తగిలిన వైపు కాదు. రెండోది ముంజేతికి. రెండూ కలిపి ముప్పావు నిమిషం పట్టింది. వేదిక మీద ముప్పావు నిమిషం మౌనం అంటే చాలా ఎక్కువ అనిపిస్తుంది, మొదట్లో మా పిల్ల కంగారుపడి గబగబా చుట్టేసింది. చెయ్యి కంగారుపడితే జాలి కనబడదు. అందుకని ఆ ముప్పావు నిమిషంలో లోపలి గొంతుకు మూడే మాటలిచ్చాను, వాటి మధ్య ఖాళీలు వదిలాను:

లోపలి గొంతు: చల్లగా ఉంది. నూనె.

లోపలి గొంతు: మండుతోంది... ద్రాక్షారసం.

లోపలి గొంతు: వీడి చేతులు వణుకుతున్నాయి. వీడికీ భయంగానే ఉంది.

నూనె మంట తగ్గించడానికి, ద్రాక్షారసం గాయం కడగడానికి ఆ రోజుల్లో వాడేవారు. వేదిక మీద నిజంగా ఏదీ పోయం, నేల జారుతుంది. ఖాళీ సీసాలు వంచితే చాలు. చివరి మాట నా సొంతం. దొంగలు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉండొచ్చు కదా, ఆగిన ప్రతివాడికీ ఆ ప్రమాదం ఉంది. ఆ మాట లేకపోతే సమరయుడు ధైర్యవంతుడైన హీరో అయిపోతాడు.

గాడిద గురించి పెద్ద చర్చ జరిగింది. ఇద్దరు పిల్లలు దుప్పటి కప్పుకుని గాడిద అవుతామన్నారు. ఒప్పుకోలేదు. ఆ వేషం కనబడగానే కథ మొత్తం గాడిదది అయిపోతుంది, దాని మీద ఇంకో పిల్లాణ్ని ఎక్కించడం ప్రమాదం కూడా. సమరయుడు ఒక తాడు పట్టుకుని వస్తాడు, తాడు రెండో కొస పక్క తలుపు వెనక ఉంటుంది. అక్కడ ఒకరు దాన్ని బిగుతుగా పట్టుకుని రెండు చెక్కముక్కలు టకటకమని కొడతారు. గాయపడినవాడు సమరయుడి భుజం మీద చెయ్యి వేసుకుని తలుపు దాకా నడుస్తాడు, ఎక్కడం తలుపు వెనక జరుగుతుంది.

పూటకూళ్ల ఇల్లు అవతలి మూల ఒక బల్ల, ఒక చాప. ఇక్కడ మాట పుట్టాలి, ఎందుకంటే మొత్తం కథలో సమరయుడు మాట్లాడేది ఇక్కడే. నాలుగు నిమిషాలు నోరు విప్పని పాత్ర గొంతు ఇప్పుడు మొదటిసారి వినబడుతుంది.

(సమరయుడు రెండు నాణేలు పళ్లెంలో ఒక్కొక్కటిగా వేస్తాడు.)

సమరయుడు: ఇతన్ని చూసుకోండి. ఇంకేమైనా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తాను.

పూటకూళ్లవాడు: మీకేమవుతాడు?

(సమరయుడు తాడు అందుకుని వెళ్లిపోతాడు.)

అట్ట నాణేలు చప్పుడు చేయవు. మందపాటి ఇనుప వాషర్లు ఇత్తడి పళ్లెంలో వేస్తే వెనక వరస దాకా వినబడుతుంది. రెండు దేనారాలంటే కూలివాడి రెండు రోజుల జీతం. ఒక దేనారము రోజు కూలి అని మత్తయి 20లో ద్రాక్షతోట కథ చెబుతుంది. పిల్లలకు ఆ రెండు చప్పుళ్లే గుర్తుంటాయి, లెక్క తర్వాత క్లాసులో చెప్పుకోవచ్చు.

ఆదివారం, రెండో రిహార్సల్ తర్వాత

చివరి దృశ్యం మిగిలింది. నాటిక ధర్మశాస్త్రోపదేశకుడి ప్రశ్నతో మొదలై అతని జవాబుతో ముగుస్తుంది, మధ్యలో కథంతా అతను మెట్ల మీద కూర్చుని చూస్తూనే ఉంటాడు. యేసు పాత్ర ఎవరికీ ఇవ్వలేదు, ఆ మాటలు కథకుడు చదువుతాడు. కథకు ముందు ఉపదేశకుడు అడిగింది "నా పొరుగువాడెవడు" అని. చివర యేసు తిరిగి అడిగిన ప్రశ్న వేరు: ఆ ముగ్గురిలో దొంగల చేతిలో చిక్కినవాడికి పొరుగువాడైంది ఎవరు? ఈ రెండు ప్రశ్నలనూ ఒక్క అక్షరం మార్చకుండా అనాలని ఉపదేశకుడికి, కథకుడికి గట్టిగా చెప్పాను. మొదటి ప్రశ్నకు జవాబు ఒక జాబితా. రెండో ప్రశ్నకు జవాబు చెప్పాలంటే సమరయుడి పేరు పలకాలి.

అతను పలకలేదు. "అతనిమీద జాలి పడినవాడే" అన్నాడు. ఈ ఆటంకాన్ని చూపించడానికి ఇలా పెట్టాం:

కథకుడు: వీళ్లలో ఎవడు పొరుగువాడయ్యాడని నీకు తోస్తుంది?

ఉపదేశకుడు: ఆ స... (ఆగుతాడు. చారల బట్ట వైపు చూస్తాడు. చూపు తిప్పుకుంటాడు.) జాలి పడినవాడే.

కథకుడు: నీవు వెళ్లి ఆలాగు చేయుము.

రిహార్సల్లో ఉపదేశకుడు "ఆ స..." దగ్గర ఆగగానే ముందు కూర్చున్న చిన్నపిల్లలంతా "సమరయుడు!" అని కేకేశారు. అది బాగుంది, ఆపొద్దని చెప్పాను. వాళ్లు అరిచాక ఉపదేశకుడు ఇంకా ఆ మాట అనకపోవడం మరీ బాగుంది. పిల్లలు అరుస్తారో లేదో అని ఎదురుచూడకుండా, రెండు లెక్కలు ఆగి తన మాట తాను అనేయాలని వాడికి చెప్పాను.

పాత్రలు తొమ్మిది, మైకు దగ్గర గొంతులు రెండు, తలుపు వెనక ఒకరు, డోలు ఒకరు. పిల్లలు తక్కువైతే దొంగల్లో ఒకణ్ని పూటకూళ్లవాడిగా తిప్పొచ్చు, మధ్యలో బట్ట మార్చుకోవడానికి మూడు నిమిషాలపైనే ఉంటుంది. యాజకుడు, లేవీయుడు మాత్రం ఒకరే చేయకూడదు, ఒకే మనిషి రెండుసార్లు దాటిపోయాడనుకుంటారు. దొంగ వేషం వేసినవాణ్ని యాజకుడిగా కూడా పెట్టొద్దు, పిల్లలు మొహం గుర్తుపట్టి "దొంగ మళ్లీ వచ్చాడు" అంటారు. రేపు శుభ్రంగా తిరగరాసి, లోపలి గొంతు చదివే అమ్మాయికి పెద్ద అక్షరాల్లో విడిగా ఒక కాపీ ఇవ్వాలి, మైకు దగ్గర లైటు మసకగా ఉంది.